ఊక, పీచు, గోనె: వేడి పెట్టెతో ఉష్ణబంధకాలను పోల్చే ప్రయోగం, దాని రిపోర్టు

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు తెచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ ప్రయోగం దాదాపు ప్రతి ఏడూ ఉంటుంది. థర్మోకోల్ పెట్టెలో బల్బు పెడతారు. ఒక వైపు ఊకో కొబ్బరి పీచో అమర్చి, లోపలా బయటా థర్మామీటర్లు పెట్టి ఏది వేడిని బాగా ఆపుతుందో చూస్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సరుకుకు కొదవ లేదు. ఊక ఏ రైసు మిల్లులో అడిగినా ఇస్తారు, పీచు ఉద్దానం నుంచి వస్తుంది, గోనె సంచి ప్రతి ఇంటి అటక మీదా ఉంటుంది. పెట్టె కట్టడమూ కష్టం కాదు. చిక్కంతా లెక్క దగ్గర వస్తుంది.

చాలా రిపోర్టుల్లో లెక్క ఇలా మొదలవుతుంది: "బల్బు 15 వాట్లు కాబట్టి నమూనా గుండా సెకనుకు 15 జౌళ్ల వేడి ప్రవహించింది." ఈ ఒక్క వాక్యంతో మిగతా రిపోర్టంతా తప్పుతుంది. పెట్టెకు ఆరు ముఖాలుంటే నమూనా ఉన్నది ఒక్క ముఖంలోనే. మిగతా ఐదూ థర్మోకోల్ గోడలు. అవి ఎంత మంచి బంధకాలైనా, ఐదూ కలిసి నమూనా కన్నా ఎక్కువ వేడిని బయటికి పంపిస్తాయి. కింద చూపించే పెట్టెలో దాదాపు మూడొంతులు గోడల గుండానే పోతుంది, నమూనాకు దక్కేది పావు వంతుకు కాస్త ఎక్కువ. అందుకే పెట్టె కట్టడం క్లుప్తంగా చెప్పి, గోడల నష్టాన్ని కొలవడం గురించీ, దోషాల గురించీ వివరంగా రాస్తున్నాను.

పెట్టె

5 సెంటీమీటర్ల మందం థర్మోకోల్ షీట్లు కొనండి. లోపలి కొలత 30 × 30 × 30 సెం.మీ. వచ్చేలా అడుగు, నాలుగు పక్కలు అతికించండి. పై ముఖం తెరిచి ఉంచి, పక్క గోడలను మాత్రం ఇంకో 5 సెం.మీ. ఎత్తుగా కోయండి. అప్పుడు 30 × 30 థర్మోకోల్ ముక్క ఒకటి మూతలా లోపలికి దిగి, పైకి సమంగా కూర్చుంటుంది. ఈ మూత ముక్కను జాగ్రత్తగా దాచండి, తర్వాత లెక్కంతా దాని మీదే నడుస్తుంది. అతికించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే వాడాలి. చెప్పులకు వేసే ఘాటు వాసన జిగురు రాస్తే థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. అతుకుల మీద బయట నుంచి బ్రౌన్ టేపు వేయండి.

వేడికి పాత తరహా ఫిలమెంటు జీరో బల్బు చాలు. పేరుకే జీరో గానీ అది దాదాపు 15 వాట్లు తింటుంది. ఇప్పుడు అదే పేరుతో అమ్మే ఎల్‌ఈడీ జీరో బల్బు ఒక వాటు కూడా తీసుకోదు, కాబట్టి కొనేటప్పుడు లోపల తీగ కనిపిస్తోందో లేదో చూసుకోండి. హోల్డరును ఒక టైలు ముక్క మీద బిగించి పెట్టె అడుగున మధ్యలో పెట్టండి. బల్బు మీద నేరుగా ఏదీ పెట్టకుండా, పక్కల చిల్లులు పొడిచిన ఖాళీ పాలపొడి డబ్బాను బోర్లించండి. డబ్బా లేకపోతే బల్బు వెలుగు సూటిగా నమూనా మీదా థర్మామీటరు మీదా పడుతుంది. అప్పుడు థర్మామీటరు చూపేది గాలి ఉష్ణోగ్రత కాదు, వికిరణంతో తాను వేడెక్కిన ఉష్ణోగ్రత. డబ్బా ఇనుముది కాబట్టి వైర్లకు ఎక్కడా తగలకూడదు. కనెక్షన్ పని వచ్చిన పెద్దవాళ్ల చేత చేయించండి.

థర్మోకోల్ అంటుకునే సరుకు. పెట్టె ఆన్‌లో ఉన్నంతసేపు ఒకరు గదిలోనే ఉండాలి. లోపలి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటుతుంటే స్విచ్ ఆపేయండి, ఆపైన థర్మోకోల్ మెత్తబడటం మొదలవుతుంది.

థర్మామీటర్లు ఎక్కడ

నాలుగు కావాలి. వైరు చివర చిన్న ప్రోబు ఉండే డిజిటల్ థర్మామీటర్లయితే సులువు. మొదటిది పెట్టె లోపలి గాలిలో, సగం ఎత్తులో, డబ్బాకు నేరుగా పైన కాకుండా పక్కగా ఉండాలి. రెండోది గది గాలిలో, పెట్టెకు అర మీటరు దూరంలో. మూడోది నమూనా లోపలి ముఖం మధ్యలో, నాలుగోది నమూనా బయటి ముఖం మధ్యలో అంటించాలి.

ఆ చివరి రెండూ ఎందుకో చాలామందికి అర్థం కాదు. లోపలి గాలి 60 డిగ్రీలుంటే నమూనా ముఖం 60 ఉండదు. గాలికీ ముఖానికీ మధ్య పల్చటి నిలవ గాలి పొర ఒకటి ఉంటుంది, అది కూడా ఒక బంధకమే. ఈ పెట్టెలో ఆ పొర దగ్గరే ఐదారు డిగ్రీలు పడిపోతుంది. బయటి వైపూ అదే కథ. గాలి ఉష్ణోగ్రతలతో నమూనా ఉష్ణవాహకతను లెక్కకడితే, ఆ రెండు గాలి పొరల గొప్పతనాన్ని కూడా ఊక ఖాతాలో వేసినట్టవుతుంది.

ప్రయోగానికి ముందు నాలుగింటినీ ఒక బకెట్టు నీళ్లలో కలిపి ముంచి, నీళ్లు బాగా కలియబెట్టి, పది నిమిషాల తర్వాత అంకెలు చూడండి. ఒకటి 29.4, ఇంకోటి 30.1 చూపించడం మామూలే. వేడి నీళ్లతో, అంటే 55 డిగ్రీల దగ్గర, మళ్లీ అలాగే చూడండి. ఏ ప్రోబుకు ఎంత కలపాలో ఎంత తీయాలో ఒక చిన్న పట్టిక రాసుకుంటే, ఒక్క పైసా ఖర్చు లేకుండా సగం తలనొప్పి తగ్గుతుంది. ఈ పట్టిక రిపోర్టులో తప్పనిసరిగా ఉండాలి.

నమూనాల తయారీ

మూడు నమూనాలూ ఒకే మందంలో, 2.5 సెం.మీ., ఉండాలి. సన్నటి అట్టతో 30 × 30 చట్రం చేసి, కిందా పైనా న్యూస్ పేపరు ఒక్క పొర అంటించి, మధ్యలో ఊకో పీచో నింపండి. చట్రానికి చెక్క పట్టీలు వద్దు. సెంటీమీటరు వెడల్పు పట్టీ చుట్టూ తిరిగితే మొత్తం వైశాల్యంలో 13 శాతం చెక్కే అవుతుంది, అప్పుడు మీరు కొలిచేది ఊకా కాదు చెక్కా కాదు. ఊక అయితే ఈ చట్రంలో సుమారు పావు కిలో పడుతుంది. గోనెను కత్తిరించి పొరలు పేర్చి మందం తేవాలి గానీ గట్టిగా అదమకూడదు. ప్రతి నమూనా బరువు రాసుకోండి. "కొబ్బరి పీచు" అని రాస్తే సరిపోదు. 150 గ్రాముల పీచు నింపినప్పటి ఫలితం వేరు, 300 గ్రాములు కుక్కినప్పటి ఫలితం వేరు.

ఎండబెట్టడం ఇక్కడ ఆషామాషీ పని కాదు. శ్రీకాకుళం, విజయనగరం గాలిలో తేమ ఎక్కువ, గోనె, పీచు ఆ తేమను ఇట్టే పీల్చుకుంటాయి. రెండు రోజులు మంచి ఎండలో పెట్టి, వేడిగా ఉండగానే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, చల్లారాక తూచి, వెంటనే పెట్టెలో అమర్చండి. ప్రయోగం అయ్యాక మళ్లీ తూచండి. ఎందుకో దోషాల దగ్గర చెబుతాను.

నమూనాను పెట్టె నోట్లో దించేటప్పుడు దాని లోపలి ముఖం, మూత లోపలి ముఖం ఉండే ఎత్తులోనే, అంటే పెట్టె అడుగు నుంచి 30 సెం.మీ. దగ్గర ఉండాలి. చుట్టూ సందు లేకుండా టేపు వేయండి. రెండు మిల్లీమీటర్ల సందు ఉన్నా వేడి గాలి అందులోంచి పొగలా పైకి పోతుంది. ఒక అగరొత్తి వెలిగించి అంచుల పైన తిప్పితే పొగ ఎక్కడ వణుకుతుందో అక్కడ సందు ఉన్నట్టు. నిప్పును థర్మోకోల్‌కు తగలనివ్వకండి.

బల్బు నిజంగా ఎన్ని వాట్లు తీసుకుంటోంది

బల్బు మీద రాసి ఉన్న అంకె నమ్మకండి. అది 230 వోల్టుల దగ్గరి మాట. సాయంత్రం అందరూ మోటార్లు, ఏసీలు వేసేసరికి వోల్టేజి 210కి దిగితే, ఫిలమెంటు బల్బు తీసుకునే సామర్థ్యం 13 శాతం వరకూ తగ్గుతుంది. 15 వాట్లు అనుకున్నది 13 అయిపోతుంది.

ప్లగ్గుకు పెట్టే వాట్‌మీటరు కాలేజీ ల్యాబులో ఉంటే అదే వాడండి. లేకపోతే ఇంటి కరెంటు మీటరే చాలు. దాని మీద ఒక ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది, పక్కనే 3200 imp/kWh లాంటి అంకె రాసి ఉంటుంది. అంటే యూనిట్ కరెంటుకు 3200 మిణుకులు, ఒక్కో మిణుకుకు 1125 జౌళ్లు. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాను, టీవీ స్టాండ్‌బై, ఇన్వర్టరు, ఫోన్ చార్జర్లు అన్నీ ఆపేసి, బల్బు ఒక్కటే వెలుగుతుండగా మిణుకులు లెక్కపెట్టాలి. ఒక మిణుకు దగ్గర స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, ఆ తర్వాత నలభయ్యో మిణుకు దగ్గర ఆపండి. 51 నిమిషాల 20 సెకన్లు, అంటే 3080 సెకన్లు పట్టిందనుకుందాం.

```
P = 40 × 1125 / 3080 = 14.6 W
```

ఫ్యాను ఆపి గంటసేపు కూర్చోవడం మే నెలలో చిరాకే. కానీ ఈ ప్రయోగానికి ఫ్యాను ఎలాగూ పనికిరాదు. ఫ్యాను గాలి తగిలితే పెట్టె బయటి ముఖాల మీది నిలవ గాలి పొర చెదిరి, గోడల నష్టం మారిపోతుంది.

ఒకసారి కొలిచి అన్ని రోజులకూ అదే అంకె వాడకండి. ప్రతి నమూనాకూ చివరి గంటలో మళ్లీ లెక్కపెట్టాలి.

ముందు మూతతో ఒకసారి

ఇప్పుడు దాచిపెట్టిన థర్మోకోల్ మూతను నమూనా ఉండాల్సిన చోట దించండి. ఈసారి ఆరు ముఖాలూ ఒకే సరుకు, ఒకే మందం, ఒకే వైశాల్యం. అంటే పోయే వేడిలో ఒక్కో ముఖం వాటా ఆరో వంతు అనుకోవచ్చు. బల్బు వేసి పది నిమిషాలకోసారి లోపలి, బయటి ఉష్ణోగ్రతలు రాయండి.

మొదట్లో లోపలి అంకె చకచకా ఎక్కుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఈ పరిమాణం పెట్టెకు దాదాపు మూడు గంటలు పడుతుంది. లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా అరగంటలో 0.3 డిగ్రీల కన్నా ఎక్కువ మారకపోతే నిలకడ స్థితికి వచ్చినట్టు. తేడా చూడాలని ఎందుకన్నానంటే, గది తెల్లవారుజామున చల్లబడుతుంటే లోపలి అంకె కూడా దిగుతుంది, అది చూసి పెట్టె ఇంకా నిలకడకు రాలేదనుకుంటారు. గ్రాఫు గీసేటప్పుడు కూడా లోపలి ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే కాకుండా తేడాను కాలానికి ఎదురుగా గీయండి.

ఇక్కడి నుంచి అంకెలు లెక్క పద్ధతి చూపించడానికి వేసుకున్న ఉదాహరణ. మీ పెట్టెలో వేరే వస్తాయి. మూతతో లోపల 64.5, గదిలో 28.0, బల్బు 14.6 వాట్లు అనుకుందాం.

```
ఆరు ముఖాలు:  G6 = 14.6 / (64.5 − 28.0) = 0.400 W/°C
ఐదు ముఖాలు:  G5 = 0.400 × 5/6 = 0.333 W/°C
```

అంటే లోపలికీ బయటికీ మధ్య ప్రతి డిగ్రీ తేడాకూ ఐదు గోడలూ కలిసి 0.333 వాట్లు బయటికి వదులుతున్నాయి. ఈ ఒక్క అంకె చేతికొస్తే పెట్టె మీ అదుపులోకి వచ్చినట్టే.

ఊక లెక్క

మూత తీసి ఊక చట్రం దించి, మళ్లీ మూడు గంటలు. నిలకడ స్థితిలో లోపలి గాలి 60.0, గది 28.1, ఊక లోపలి ముఖం 54.3, బయటి ముఖం 32.3, బల్బు 14.6 వాట్లు. కింది లెక్కలో Q నమూనా గుండా పోయే వేడి, k ఉష్ణవాహకత, d నమూనా మందం, A దాని వైశాల్యం, T1, T2 దాని లోపలి, బయటి ముఖాల ఉష్ణోగ్రతలు.

```
గోడల గుండా:   0.333 × (60.0 − 28.1) = 10.62 W
నమూనా గుండా:  Q = 14.6 − 10.62 = 3.98 W
k = Q d / [A (T1 − T2)]
  = 3.98 × 0.025 / (0.09 × 22.0) = 0.050 W/m°C
```

గోడల సంగతి మరిచిపోయి 14.6 వాట్లూ నమూనాకే రాసేస్తే k విలువ 0.18 వస్తుంది. ప్లైవుడ్ ఉష్ణవాహకత సుమారు 0.13. అంటే పొట్టు పొట్టుగా, మధ్యలో అంతా గాలితో ఉండే ఊక, ప్లైవుడ్ కన్నా ఎక్కువ వేడిని వదులుతోందని రిపోర్టు చెబుతున్నట్టు. ఇలాంటి అంకె వచ్చినప్పుడు పుస్తకంలోని విలువతో "స్వల్ప తేడా ఉంది" అని రాసి తప్పించుకోకుండా, వెనక్కి వెళ్లి గోడల లెక్క చూడాలి. రెండో వైపు హద్దు కూడా గుర్తుంచుకోండి. నిలవ గాలి విలువ సుమారు 0.026. ఊక, పీచు, దూది అన్నీ పనిచేసేది లోపల గాలిని కదలకుండా పట్టి ఉంచడం వల్లే కాబట్టి, మీకు 0.02 వచ్చిందంటే ప్రయోగంలో ఎక్కడో తేడా కొట్టింది.

పెట్టెను నమ్మొచ్చా అన్న అనుమానానికి ఒక పరీక్ష ఉంది. 2.5 సెం.మీ. మందం థర్మోకోల్ ముక్కనే నమూనాగా పెట్టి చూడండి. దాని విలువ మనకు తెలుసు, 0.033 నుంచి 0.040 మధ్య ఉండాలి. ఆ పరిధిలో వస్తే ముందుకు వెళ్లండి. 0.05 దాటితే అంచుల్లో గాలి పోతోందేమో వెతకండి. ఈ పరీక్ష ఫలితాన్ని రిపోర్టులో మొదటి వరుసలోనే పెట్టమంటాను, చదివే ఎగ్జామినరుకు మిగతా అంకెల మీద నమ్మకం కుదిరేది అక్కడే.

దోషాలు: ఏ వైపు, ఎంత

"మానవ తప్పిదాల వల్ల, పరికరాల లోపాల వల్ల ఫలితాల్లో తేడా వచ్చి ఉండవచ్చు" అన్న వాక్యం ఏ రిపోర్టులోనైనా అతికించొచ్చు, అందుకే దానికి మార్కులు పడవు. ప్రతి దోషానికీ అది k విలువను పెంచుతుందా తగ్గిస్తుందా, సుమారు ఎంత అని చెప్పాలి. నాలుగింటిని తీసుకుందాం.

మొదటిది బల్బు సామర్థ్యం. నమూనా వేడి మనం నేరుగా కొలిచింది కాదు, 14.6 లోంచి 10.62 తీసేయగా మిగిలింది. రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడా ఎప్పుడూ ప్రమాదమే. వోల్టేజి మారి బల్బు వాస్తవంగా 3 శాతం తక్కువ తీసుకుంటుంటే, అంటే 0.44 వాట్లు, ఆ తప్పు 3.98 మీద పడి 11 శాతం అవుతుంది. ఇక్కడ గమనించాల్సిన సూక్ష్మం ఒకటుంది. కరెంటు మీటరే ఎప్పుడూ 3 శాతం ఎక్కువ చూపిస్తే ఇంత నష్టం లేదు. అప్పుడు మూతతో చేసినప్పుడు వచ్చిన G5 కూడా అంతే ఎక్కువగా ఉంటుంది, తీసివేత తర్వాత k కూడా 3 శాతమే పెరుగుతుంది. మనల్ని ముంచేది మీటరు లోపం కాదు, మూతతో చేసిన రోజుకూ నమూనాతో చేసిన రోజుకూ మధ్య కొలవకుండా వదిలేసిన వోల్టేజి మార్పు. మొదటిది క్రమదోషం, రెండోది యాదృచ్ఛికం, ఈ రెండింటినీ విడదీసి రాసిన రిపోర్టు నాకు అరుదుగా కనిపిస్తుంది. పని చేస్తుండగా కరెంటు పోతే ఆ రీడింగు వదిలేసి, మళ్లీ నిలకడ వచ్చేదాకా ఆగండి.

రెండోది ముఖం మీది ప్రోబు. ప్రోబు సగం నమూనాకు తాకి సగం గాలిలో తేలుతుంటే, అది చూపేది రెండింటికీ మధ్య అంకె. లోపలి ప్రోబు నిజం కన్నా ఎక్కువ చూపిస్తుంది, బయటిది నిజం కన్నా తక్కువ చూపిస్తుంది. రెండు తప్పులూ ఒకే దిక్కుకు లాగి T1 − T2 ను పెంచుతాయి కాబట్టి k తగ్గుతుంది, నమూనా ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. ప్రోబు కొనను న్యూస్ పేపరుకు ఆనించి, పైన చిన్న కాగితం ముక్క వేసి టేపు బిగించండి. కొనకు దగ్గరి వైరును కూడా నాలుగైదు సెంటీమీటర్లు ముఖం వెంటే నడిపించండి, లేకపోతే వైరు గాలిలోని వేడిని కొనకు మోస్తుంది. ఇంత చేసినా అర డిగ్రీ అనుమానం ఉంటుంది. రెండు ప్రోబులకూ కలిపి 22 డిగ్రీల మీద ఒక డిగ్రీ, అంటే నాలుగున్నర శాతం.

మూడోది మందం. 25 మిల్లీమీటర్లలో ఒక మిల్లీమీటరు తప్పితే 4 శాతం. ఊక చట్రం మధ్యలో కిందికి జారి బొజ్జలా వస్తుంది, కాబట్టి మందాన్ని అంచున కాకుండా మధ్యలోనూ మూలల్లోనూ ఐదు చోట్ల కొలవండి. దీని కోసం సన్నటి సూదిని గుచ్చి, మునిగిన మేర స్కేలుతో చూస్తే సరిపోతుంది.

నాలుగోది తేమ. ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం, దాదాపు ఎవరూ పట్టించుకోనిది కూడా. ప్రయోగం ముందు తూచిన గోనె, మూడు గంటల తర్వాత తూస్తే 12 గ్రాములు తగ్గిందనుకుందాం. అంత నీరు ఆవిరైంది. గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి.

```
12 × 2400 / 10800 = 2.7 W
```

నమూనా గుండా పోతుందని మనం లెక్కవేసే వేడే నాలుగు వాట్లు. అందులో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే పోయి ఉంటే, మనం దాన్ని గోనె గుండా ప్రవహించిన వేడి అనుకుని k ను బాగా పెంచేసి రాస్తాం. పైగా తడి పోగు పొడి పోగు కన్నా సహజంగానే వేడిని ఎక్కువ వదులుతుంది. ఆవిరి ఎక్కువగా మొదటి గంటల్లోనే పోతుంది కాబట్టి, నిలకడ స్థితిలో అంకె ఈ సగటు కన్నా తక్కువే ఉండొచ్చు. అయినా నా సలహా ఒకటే: బరువు రెండు మూడు గ్రాముల కన్నా ఎక్కువ తగ్గితే ఆ ఫలితం పక్కన పెట్టి, ఆ నమూనాతోనే వెంటనే ఇంకోసారి చేయండి. ఈసారి పొడిగా ఉంటుంది. రెండు ఫలితాలనూ పక్కపక్కన రిపోర్టులో చూపిస్తే, "తేమ ప్రభావం" అన్న శీర్షిక కింద ఒక పేజీ మీకు ఉచితంగా దొరికినట్టే.

ఇవి కాక పెట్టె పద్ధతిలోనే ఒక పరిమితి ఉంది, దాన్ని సవరించలేం, ఒప్పుకోవాలి. మూత మందం 5 సెం.మీ., నమూనా మందం 2.5. నమూనా పెట్టినప్పుడు దాని పైన పెట్టె నోట్లో రెండున్నర సెంటీమీటర్ల గోడ అంచు బయటికి కనిపిస్తుంది, ఆ అంచు నుంచి కొంత వేడి పక్కదారిన పోతుంది. మూతతో కొలిచిన G5 ఆ దారిని పూర్తిగా చూపదు. 2.5 సెం.మీ. థర్మోకోల్ ముక్కతో చేసిన పరీక్ష సరిగ్గా వస్తే ఈ దోషం చిన్నదేనని అర్థం. అన్ని నమూనాలకూ ఒకే మందం పెట్టమన్నది ఇందుకు కూడా.

పై నాలుగింటిలో తేమను ఎండబెట్టి వదిలించుకున్నామనుకుని, మిగతావాటినీ, గాలి ఉష్ణోగ్రతల్లో అర డిగ్రీ తప్పు తెచ్చే మరో 4 శాతాన్నీ వర్గాలు చేసి కూడి వర్గమూలం తీస్తే 13 శాతం దాకా వస్తుంది. ఊక ఫలితాన్ని 0.050 ± 0.007 అని రాయాలి. కాల్‌క్యులేటరు 0.050253 చూపించిందని అన్ని అంకెలూ ఎక్కించడం వల్ల లాభం లేదు, ఎగ్జామినరుకు కోపం రావడం తప్ప.

పోల్చడం

ఇక్కడ పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. ఊకకు 0.050, పీచుకు 0.047 వస్తే పీచే గెలిచిందని రాయొచ్చా? "మేష్టారూ, ఏదో ఒకటి గెలవాలి కదండీ, లేకపోతే ప్రాజెక్టు ఏముంది?" అని అడుగుతారు. గెలవక్కర్లేదు. ఒక్కో అంకె వెనకా 0.007 అనిశ్చితి ఉండగా 0.003 తేడాకు అర్థం లేదు.

అయితే ఒక మెళకువ ఉంది. పోల్చేటప్పుడు అన్ని దోషాలూ లెక్కలోకి రావు. G5 లో తప్పుంటే అది ఊకకూ పీచుకూ దాదాపు ఒకేలా పడుతుంది, ప్రోబుల సవరణలో తప్పున్నా అంతే. తేడా తీసినప్పుడు అవి చాలావరకు కొట్టుకుపోతాయి. మిగిలేవి వోల్టేజి, మందం, అంటించిన తీరు. అందుకని ఊక, పీచు, పీచు, ఊక అన్న వరుసలో చేయండి. ప్రతిసారీ చట్రం బయటికి తీసి, ప్రోబులు ఊడదీసి మళ్లీ అంటించాలి. రెండు ఊక ఫలితాల మధ్య తేడా ఎంతో చూడండి. అది 0.004 ఉంటే, ఊకకూ పీచుకూ మధ్య కనిపించే 0.003 కూడా ఆ తడబాటులో భాగమే. రెండు ఊకలూ 0.001 లోపు కలిసి, రెండు పీచులూ అలాగే కలిస్తే, అప్పుడు 0.003 తేడాను ధైర్యంగా రాయొచ్చు. ఈ వరుసకు ఇంకో లాభం కూడా ఉంది: గది వాతావరణం రోజురోజుకూ ఒకే వైపు మారుతుంటే, దాని ప్రభావం రెండు సరుకులకూ సమానంగా పంచబడుతుంది.

రిపోర్టు కాగితం మీద

ఉద్దేశం ఒక్క వాక్యంలో చాలు: ఒకే మందంలో పొడి ఊక, కొబ్బరి పీచు, గోనెల ఉష్ణవాహకతను 55 డిగ్రీల నుంచి 30 డిగ్రీల మధ్య పోల్చడం. పటంలో నాలుగు ప్రోబుల స్థానాలు, డబ్బా, నమూనా మందం గుర్తించి ఉండాలి. పట్టికలో ప్రతి వరుసకూ సరుకు, ముందు బరువు, తర్వాతి బరువు, మందం, నాలుగు ఉష్ణోగ్రతలు, మిణుకుల సమయం, వాట్లు, k ఉండాలి. సిద్ధాంతం పేరుతో మూడు పేజీల పాఠ్యపుస్తకాన్ని ఎక్కించకండి, రెండు సమీకరణాలు, వాటిలోని అక్షరాల అర్థం చాలు. ఒక నమూనాకు లెక్క పూర్తిగా చూపించి మిగతావాటికి ఫలితం రాస్తే సరిపోతుంది.

ముగింపు వాక్యాన్ని మీ అంకెలే నిర్ణయించాలి. ఉదాహరణకు ఇలా ఉండొచ్చు: "2.5 సెం.మీ. మందంలో పొడి ఊక (0.050 ± 0.007), పొడి పీచు (0.047 ± 0.006) మధ్య ఈ పెట్టె తేడా చూపలేకపోయింది. ఎండబెట్టని గోనె ఎండబెట్టిన గోనె కన్నా స్పష్టంగా ఎక్కువ విలువ ఇచ్చింది, ఆ సమయంలో నమూనా 12 గ్రాముల బరువు కోల్పోయింది. గోడల నష్టం మొత్తం వేడిలో 73 శాతం." చివరి పేజీకి చేతిరాతలో ఉన్న అసలు రీడింగుల కాగితాలు జతచేయండి, మధ్యలో కరెంటు పోయి వదిలేసిన రీడింగులతో సహా, పక్కన ఎందుకు వదిలేశారో ఒక మాట రాసి.